చెరపకుండా మార్చిన అక్షరం

2023లో వినాయక చవితి తిథి సెప్టెంబరు 18 మధ్యాహ్నం మొదలై 19 మధ్యాహ్నం దాకా సాగింది. తెలుగు రాష్ట్రాల్లో 18వ తేదీ సోమవారం పండగ చేసుకున్నాం. మహారాష్ట్రలో 19 మంగళవారం చేసుకున్నారు. ఇలా తిథి రెండు రోజుల మీద పడిన ఏడాది ఫ్లెక్సీలు వేసే డీటీపీ సెంటర్లలో ఒకే పని మూడుసార్లు చేయాల్సి వస్తుంది. ముందు ఒక తేదీ వేయిస్తారు. ఏ పంచాంగమో చూసి ఇంకో తేదీ వేయమంటారు. చివరికి మొదటిదే ఖాయమంటారు. మూడోసారి వచ్చినప్పుడు మొదటి తేదీ ఫైల్లో బతికి ఉందా లేదా అన్నదే నేను చెప్పబోయే సంగతి.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. మండపం కమిటీ నుంచి ఒక కుర్రాడు పెన్ డ్రైవ్ పట్టుకుని వచ్చాడనుకోండి. "అన్నా, పోయినేడు వేయించిన ఫ్లెక్సీయే ఇది. ఏడాది పేరు, తేదీ మార్చియ్యి, చాలు" అన్నాడు. పెన్ డ్రైవ్‌లో ఉన్నది ఒక్క జేపెగ్ ఫైలు. అప్పుడు డిజైన్ చేసిన అసలు ఫైలు ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు ఫ్లెక్సీకి అంగుళానికి 72 చుక్కల లెక్కన చేసిన బొమ్మ అది, అంటే 6912 చుక్కల వెడల్పు, 3456 చుక్కల ఎత్తు. ఎడమవైపు గణపతి. మధ్యలో కాషాయం నుంచి పసుపులోకి మెల్లగా మారే పట్టీ మీద "శ్రీ శుభకృత్ నామ సంవత్సర వినాయక చవితి మహోత్సవములు". దాని కింద బంతిపూల దండల ఫొటో, ఆ పూల మీద "ఆగస్టు 31, బుధవారం". అక్షరాలు ఎర్రవి, చుట్టూ తెల్లని అంచు, వెనక నల్లని నీడ. 2022 శుభకృత్, 2023 శోభకృత్. మొదటి అక్షరంలో కొమ్ము పోయి ఓత్వం వస్తే సరిపోతుంది అనిపిస్తుంది కానీ పని అంత చిన్నది కాదు.

జేపెగ్‌లో అక్షరాలు అక్షరాలుగా ఉండవు. ఎరుపు, తెలుపు, నలుపు చుక్కలుగా పూల చుక్కల్లో కలిసిపోయి ఉంటాయి. వాటిని చెరిపితే కింద పువ్వు కనబడదు, ఖాళీ కనబడుతుంది. అందుకే చాలామంది ఆ బొమ్మ మీదే పక్కనున్న పూలను క్లోన్ చేసి పులిమేస్తారు, మీద కొత్త తేదీ కొడతారు, మళ్లీ జేపెగ్‌గా అదే పేరుతో సేవ్ చేస్తారు. పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ క్షణం నుంచి పాత తేదీ ప్రపంచంలో ఆ ఫైల్లో లేదు, కొత్త తేదీ కూడా చుక్కలుగా గడ్డకట్టి ఉంది. పైగా జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ బొమ్మ నాణ్యత కొంత తరుగుతుంది.

వెనక్కి వెళ్లడానికి Ctrl+Z ఉంది కదా అంటారు. ఫొటోషాప్ మామూలుగా చివరి యాభై పనుల్ని గుర్తుపెట్టుకుంటుంది. బ్రష్‌తో ఒక్కసారి గీస్తే అదొక పని. పూలు పులమడంలో యాభై గీతలు పది నిమిషాల్లో అయిపోతాయి. అంతకన్నా ముఖ్యం, ఫైలు మూయగానే ఆ జ్ఞాపకమంతా పోతుంది. కమిటీ వాళ్లు మూడు రోజుల తర్వాత వస్తారు. అప్పటికి ఆ Ctrl+Z లేదు. మనకు కావలసింది ఫైలుతో పాటే ప్రయాణం చేసే వెనకడుగు. అది లేయర్లలో, మాస్కుల్లో ఉంది.

ఫొటోషాప్‌లో లేయర్లు 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. టైపు చేసిన అక్షరాన్ని తర్వాత మళ్లీ దిద్దుకునే వీలు మాత్రం 1998లో ఐదో వెర్షన్‌తో గానీ రాలేదు. ఆ నాలుగేళ్లూ లేయర్ ఉన్నా, కొట్టిన అక్షరం కొట్టగానే చుక్కలైపోయేది. తప్పు దొర్లితే మళ్లీ కొట్టుకోవడమే. ఇప్పుడా ఇబ్బంది లేదు. అయినా అక్షరాన్ని చేతులారా చుక్కలు చేసుకునే అలవాటు మాత్రం చాలా సెంటర్లలో ఇంకా ఉంది.

లేయర్ అంటే బొమ్మ మీద పరిచిన మరో పొర. దానిమీద ఏం గీసినా కింది పొరకు తెలియదు. ప్యానెల్లో ప్రతి పొర పక్కనా ఒక కన్ను గుర్తు ఉంటుంది. నొక్కితే పొర మాయమవుతుంది, మళ్లీ నొక్కితే తిరిగి వస్తుంది. మాస్కు ఆ పొరకు తగిలించిన నలుపు తెలుపు చిత్రం. మాస్కులో తెల్లగా ఉన్నచోట పొర కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట దాక్కుంటుంది, బూడిదరంగు ఉన్నచోట సగం సగం కనిపిస్తుంది. దాక్కున్న చుక్కలు చావవు. ఎదిగే పిల్ల పావడా పొడవైతే తెలిసిన దర్జీ గుడ్డ కత్తిరించడు, లోపలికి మడిచి కుట్టి ఇస్తాడు. మాస్కు చేసేదీ అదే. ఇరేజర్ చేసేది కత్తెర పని.

ఇక మన ఫ్లెక్సీ తెరుద్దాం. వచ్చిన జేపెగ్ అడుగున తాళం గుర్తుతో ఉంటుంది. ఆ తాళం తీయను, దాని మీద ఒక్క గీత కూడా గీయను. పని మొదలుపెట్టక ముందే ఫైలును పీఎస్‌డీగా వేరే పేరుతో సేవ్ చేస్తాను. అసలు జేపెగ్ పెన్ డ్రైవ్‌లో ఎలా వచ్చిందో అలాగే ఉండాలి.

ముందు బంతిపూల మీది తేదీ. అడుగు పొర మీద ఒక ఖాళీ లేయర్ పెట్టి `hide_31aug` అని పేరు పెడతాను. క్లోన్ స్టాంప్ తీసుకుని, పైన పట్టీలో Sample అన్నచోట Current & Below ఎంచుకుంటాను. ఈ చిన్న మార్పుతో స్టాంప్ కింది బొమ్మలోంచి పూలను చూసి తీసుకుంటుంది, కానీ పులిమేది మాత్రం నా ఖాళీ పొర మీద. పాత తేదీ మీద పూల ముక్కలు పరుచుకుంటూ పోతాను. అన్నీ ఒకే చోటి నుంచి తీసుకుంటే ఒకే పువ్వు వరసగా నాలుగుసార్లు కనబడుతుంది, ఫ్లెక్సీ ఎనిమిది అడుగులకు పెరిగాక రోడ్డు అవతలి నుంచి కూడా ఆ వరస కళ్లకు కొడుతుంది. అందుకని తీసుకునే చోటు మారుస్తూ ఉండాలి. పులమడం ఎక్కువైనా ఫరవాలేదు, ఆ పొరకు మాస్కు పెట్టి అవసరం లేనిచోట నల్ల బ్రష్‌తో దాచేస్తాను. ఎక్కువ దాచేస్తే `X` నొక్కి తెల్ల బ్రష్‌తో మళ్లీ రప్పిస్తాను.

ఇక్కడ కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. మాస్కు మీద గీస్తున్నామనుకుని పొర మీదే నల్ల రంగు పూసేస్తారు. గుర్తుపట్టడం తేలికే. ప్యానెల్లో రెండు చిన్న బొమ్మలు పక్కపక్కన ఉంటాయి, ఏది పనిలో ఉందో దాని చుట్టూ చట్రం కనబడుతుంది. నల్ల బ్రష్ ఆడించగానే తెరమీద నలుపు పడితే మీరు తప్పు చోట ఉన్నారు, వస్తువు మాయమైతే సరైన చోట ఉన్నారు. మాస్కులో అసలేముందో చూడాలంటే Alt పట్టుకుని దాని మీద నొక్కండి. మాస్కు లేకపోతే ఎలా ఉండేదో చూడాలంటే Shift పట్టుకుని నొక్కండి, ఎర్రని ఇంటూ గుర్తు పడి మాస్కు ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే పనిచేస్తుంది. కుడి క్లిక్‌లో Apply Layer Mask అని ఒకటి కనిపిస్తుంది. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అది నొక్కితే దాక్కున్న చుక్కలు నిజంగానే పోతాయి.

పాత అక్షరాన్ని ఎంత మేర కప్పాలి? ఇంగ్లీషు వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు తెలుగు దగ్గర దెబ్బతినేది ఇక్కడే. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి. కింద ఒత్తులు దిగుతాయి. "ఆగస్టు"లో టావత్తు వరస కిందికి జారి ఉంటుంది. అక్షరాల నడుముకు సరిపడా చతురస్రం కప్పి వదిలేస్తే ఒత్తు తోక పూలలో ఎర్రగా మిగిలిపోతుంది. దానికి తోడు తెల్లని అంచు, నల్లని నీడ అక్షరం కొలత దాటి బయటికి పోతాయి. నీడ చివరన మరీ పలచగా ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు.

ఇంకో లోతైన కారణం జేపెగ్‌లోనే ఉంది. అది బొమ్మను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు గడులుగా విడగొట్టి కుదిస్తుంది. ఎర్రని అక్షరం అంచు ఒక గడిలో పడితే ఆ గడి అంతా కొంత మరకపడుతుంది. రంగుల సమాచారాన్ని ఇంకా పెద్ద గడుల్లో, చాలాసార్లు పదహారు చుక్కల గడుల్లో కుదిస్తారు. అందుకే అక్షరం చుట్టూ సన్నని పొగలాంటి మురికి ఉంటుంది. నీడ ముగిసిన చోటు నుంచి కనీసం పదహారు చుక్కలు బయటికి కప్పితే తప్ప ఆ మురికి పోదు. 6912 చుక్కల బొమ్మలో పదహారు చుక్కలంటే గోరంత.

మిగిలిందో లేదో కంటితో చెప్పడం కష్టం కనుక ఒక పరీక్ష చేస్తాను. అన్నిటికీ పైన ఒక కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి `check` అని పేరు పెడతాను. దాని గీతను నిటారుగా నిలబెట్టేస్తే బొమ్మ వికారమైన రంగుల్లోకి మారుతుంది, అప్పటిదాకా కనబడని చిన్న తేడాలన్నీ మచ్చలై పైకి తేలతాయి. పాత "బుధవారం" ఆకారం దయ్యంలా కనబడితే మాస్కు ఇంకా విస్తరించాలి. చూడటం అయ్యాక ఆ పొరను తీసేయాలి. కన్ను మాత్రమే మూసి ఉంచితే ఎప్పుడో ఎవరో తెరుస్తారు, ఆ వికారపు రంగులతోనే ప్రింటుకు వెళ్తుంది.

పైన పట్టీ పని దీనికన్నా సుఖం. అక్కడ పూలు లేవు, కాషాయం పసుపులోకి మారడమే ఉంది. ఐడ్రాపర్‌తో రెండు చివర్లా రంగు తీసుకుని గ్రేడియంట్ ఫిల్ లేయర్ పెడతాను. అది చుక్కలు కాదు, రెండు రంగులు, ఒక దిశ అన్న లెక్క మాత్రమే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరిచి దిద్దుకోవచ్చు. మాస్కుతో దాన్ని పాత వరుస ఉన్నచోటికే పరిమితం చేస్తాను. మాస్కు అంచు గట్టిగా ఉంటే గీతలా కనబడుతుంది. ప్రాపర్టీస్ ప్యానెల్లో Feather అని ఉంటుంది, దాన్ని మూడు, నాలుగు చుక్కలకు జరిపితే అంచు కలిసిపోతుంది. బ్లర్ ఫిల్టర్‌తో మాస్కును మెత్తబరిస్తే మళ్లీ గట్టిపరచలేం. ఈ Feather సంఖ్యను మాత్రం ఎప్పుడైనా సున్నాకు తెచ్చుకోవచ్చు.

శుభకృత్‌ను శోభకృత్ చేయడానికి ఒక్క "శు" మీదే అతుకు వేసి "శో" పెడితే చాలదా అని కుర్రాడు అడుగుతాడు. పెట్టొచ్చు, కానీ పెట్టను. "శో" వెడల్పు వేరు. పక్కన "భ"కు ఆనుకుంటుంది, లేదా సందు మిగులుతుంది. అదీగాక పాత అక్షరాల అంచులు జేపెగ్ వల్ల మెత్తబడి ఉంటాయి, కొత్తగా కొట్టిన ఒక్క అక్షరం కత్తిలా మెరుస్తుంది. వరుస మొత్తం కప్పి, మొత్తం కొత్తగా కొట్టడమే శుభ్రం.

కొట్టేటప్పుడు తెలుగుకే ప్రత్యేకమైన ఒక ఆటంకం వస్తుంది. యూనికోడ్ తెలుగు కొడితే కొన్ని ఫొటోషాప్ వెర్షన్లలో "కృత్" విడిపోతుంది, ఒత్తులు కిందికి వెళ్లకుండా పక్కకు జరిగి పొల్లుతో నిలబడతాయి. ఫాంటు తప్పు కాదది. ప్రిఫరెన్సెస్‌లో Type విభాగంలో Middle Eastern and South Asian అన్న ఇంజిన్‌ను ఎంచుకోకపోవడం, పేరాగ్రాఫ్ ప్యానెల్లో World-Ready Layout పెట్టకపోవడం దానికి కారణం. అవి పెడితే ఒత్తులు తమ చోట్లకు వెళ్తాయి. చాలా సెంటర్లు ఈ బాధ పడలేక అను ఫాంట్లతోనే కొడతాయి. అక్కడ తెలుగు బొమ్మలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి, అందుకే ఒత్తులు విడిపోవు. కానీ ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అక్షరాన్ని దిద్దబోతే అర్థం లేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనబడతాయి. ఈ సంగతి క్లయింటుకు ఫైలు ఇచ్చేటప్పుడు మళ్లీ ఎదురవుతుంది.

ఎర్ర రంగు, తెల్లని అంచు, నల్లని నీడ మూడింటినీ లేయర్ స్టైల్స్‌గా పెడతాను, గీయను. అవి అక్షరం మారితే దాన్ని అనుసరించి మారతాయి. కొత్త వరుస మరీ పదునుగా ఉండి పక్కనున్న పాత అక్షరాలతో కలవకపోతే కొంచెం మసక చేయాలి. టెక్స్ట్ లేయర్ మీద నేరుగా బ్లర్ వేయబోతే చుక్కలు చేయమంటావా అని ఫొటోషాప్ అడుగుతుంది. అక్కడ సరే అనకూడదు. కుడి క్లిక్ చేసి Convert to Smart Object నొక్కాలి. అక్షరం ఒక సంచిలోకి వెళ్తుంది, బ్లర్ సంచి మీద పడుతుంది, లోపలి అక్షరం అక్షరంగానే ఉంటుంది. గాసియన్ బ్లర్ అర చుక్క నుంచి ముప్పావు చుక్క దాకా సరిపోతుంది. ఆ బ్లర్ పేరు పొర కింద విడిగా కనబడుతుంది, దాని కన్ను కూడా మూయవచ్చు. అక్షరం దిద్దాలంటే సంచి బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే లోపలి ఫైలు తెరుచుకుంటుంది, దిద్ది సేవ్ చేసి మూస్తే బయట మారుతుంది.

అయితే ఆ సంచి కొలత మొదట కొట్టిన వరుసకు సరిగ్గా కుట్టి ఉంటుంది. లోపల "సోమవారం" తీసి "మంగళవారం" కొడితే వరుస పొడుగై చివరి అక్షరాలు కోసేసినట్టు కనబడతాయి. ఫాంటు పాడైందనుకుని కొందరు మొత్తం మళ్లీ మొదలుపెడతారు. లోపలి ఫైల్లో ఇమేజ్ మెనూలో Reveal All నొక్కి సేవ్ చేస్తే చాలు.

మాస్కుకు ఇక్కడ ఇంకో ఉపయోగం ఉంది. మన ఫ్లెక్సీలో తేదీ చివర ఒక బంతిపువ్వు అక్షరం మీదికి వచ్చినట్టు పాత డిజైనర్ చక్కగా కూర్చాడు. కొత్త తేదీ కూడా ఆ పువ్వు వెనక్కి వెళ్లాలి. అక్షరాన్ని చుక్కలు చేసి చెరపనవసరం లేదు. తేదీ పొరకు మాస్కు పెట్టి పువ్వు ఆకారం మేర నలుపు పూస్తే అక్షరం దాని వెనక్కి పోయినట్టే ఉంటుంది. పొరకూ మాస్కుకూ మధ్య చిన్న గొలుసు గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి తీసేస్తే తేదీని అటూ ఇటూ జరిపినా పువ్వు ఆకారం ఉన్నచోటే ఉంటుంది. గొలుసు అలాగే వదిలేస్తే తేదీతో పాటు పువ్వు నీడ కూడా కదిలి అక్షరం మధ్యలో చిల్లు పడుతుంది. ఇదొక్కటే నాకు ఈ మొత్తం పనిలో బాగా నచ్చే చోటు. బుధవారం, సోమవారం, మంగళవారం ఏది కొట్టినా పువ్వు వెనకే దూరుతుంది.

తేదీ మారిందని కమిటీ వాళ్లు మళ్లీ వస్తారు. "అయ్యగారు 19 అంటున్నారన్నా." ఇప్పుడు 18 ఉన్న పొరను దిద్దను. దాన్ని డూప్లికేట్ చేసి, ఆ నకల్లో "19, మంగళవారం" కొట్టి, 18 కన్ను మూస్తాను. స్మార్ట్ ఆబ్జెక్ట్ అయితే మామూలు డూప్లికేట్ పనికిరాదు, రెండు సంచులూ ఒకే లోపలి ఫైలును చూస్తుంటాయి కనుక ఒకటి మారిస్తే రెండూ మారతాయి. New Smart Object via Copy అన్నదాన్ని వాడాలి. పొరల పేర్లు `date_18_mon`, `date_19_tue`. పేరు పెట్టని పొరల ప్యానెల్లో "Layer 7 copy 3" ఏమిటో చేసినవాడికే నాలుగో రోజు గుర్తుండదు, క్లయింటుకు ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు లేయర్ కాంప్స్ అనే ప్యానెల్ తెరుస్తాను. విండో మెనూలో ఉంటుంది, వాడేవాళ్లు తక్కువ. ఏ కళ్లు తెరిచి ఉన్నాయి, ఏవి మూసి ఉన్నాయి అన్న అమరికకు ఒక పేరు పెట్టి దాచుకోవచ్చు. మన ఫైల్లో మూడు పెడతాను. `2022_original` లో అడుగు పొర తప్ప అన్నీ మూసి ఉంటాయి. `2023_18` లో రెండు అతుకులు, శోభకృత్ వరుస, 18వ తేదీ. `2023_19` లో అవే అతుకులు, 19వ తేదీ. ఒక్క నొక్కుతో బొమ్మ ఒక అమరిక నుంచి ఇంకోదానికి మారుతుంది. ఈ కాంప్స్ కన్ను స్థితిని, పొర ఉన్న చోటును, స్టైల్‌ను గుర్తుపెట్టుకుంటాయి. అక్షరంలో రాసిన మాటను గుర్తుపెట్టుకోవు. ఒకే టెక్స్ట్ పొరలో 18ని 19గా దిద్ది రెండు కాంప్స్ చేస్తే రెండింట్లోనూ 19 కనబడుతుంది. ప్రతి తేదీకీ విడి పొర ఉండాలనడానికి అసలు కారణం ఇదే.

ఆ తర్వాత కమిటీ పెద్దాయన ఒకరు "బొమ్మంతా కొంచెం వెలుగు పెంచయ్యా" అంటాడు. ఇంతవరకు జాగ్రత్తగా చేసిన పనిని చెడగొట్టగలిగే మాట అది. అడుగు బొమ్మ తాళం తీసి దానికి వెలుగు పెంచితే పూలు వెలుగుతాయి, పూల మీద నేను వేసిన అతుకు మాత్రం పాత వెలుగులోనే ఉంటుంది. తేదీ వెనక మాసికలాగా పడుతుంది. వెలుగు, రంగు, కాంట్రాస్టు ఏది మార్చినా అన్నిటికీ పైన అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా పెట్టాలి, అప్పుడు అతుకు, అసలు కలిసి మారతాయి. అడుగు బొమ్మను జరపడం, పెంచడం కూడా అంతే. ఒక్కదాన్నే కదిపితే అతుకులు చోటు తప్పుతాయి. అన్నీ ఎంచుకుని కలిపి కదపాలి.

ఈ పద్ధతితో కానిపని కూడా ఉంది. అక్షరం కింద అసలు ఏముందో అతుకు చెప్పలేదు. పూలైతే ఏ పూలు వేసినా ఎవరూ అడగరు. అక్షరాలు ఒక మనిషి ముఖం మీదుగా, చేతి మీదుగా పోయి ఉంటే అక్కడ మనం వేసేది కల్పన, వేరే ఫొటో అడిగి తెచ్చుకోవడం మంచిది. బొమ్మ వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చి ఉంటే అది బాగా కుదించుకుపోయి ఉంటుంది, ఎనిమిది అడుగులకు పెంచితే ఎంత శుభ్రమైన మాస్కు వేసినా ఫలితం దక్కదు. డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. ఇక మార్కుల మెమో, ఆధార్, భూమి కాగితం పట్టుకొచ్చి ఒక్క అంకె మార్చమనేవాళ్లు ఉంటారు. పద్ధతి అదే, పని మాత్రం ఫోర్జరీ. పొరలు దాచుకున్నంత మాత్రాన అది తప్పు కాకుండా పోదు.

క్లయింటుకు ఇచ్చేటప్పుడు రెండు ఫైళ్లు ఇస్తాను. ప్రింటుకు జేపెగ్, దాచుకోవడానికి పీఎస్‌డీ. జేపెగ్‌ను ఎప్పుడూ Save a Copy ద్వారా తీస్తాను. Flatten Image నొక్కి సేవ్ చేస్తే పొరలన్నీ ఒక్కటై ఇంతసేపు చేసినదంతా గంగలో కలుస్తుంది. మన కొలతకు పీఎస్‌డీ హాయిగా సరిపోతుంది, దాని హద్దు ఒక్కో వైపు ముప్పై వేల చుక్కలు, ఫైలు బరువు రెండు జీబీ. అంతకు మించిన హోర్డింగులకు పీఎస్‌బీ అనే రకం ఉంది.

ఇక ఫాంటు. పీఎస్‌డీలో టెక్స్ట్ పొర చివరిసారి ఎలా కనబడిందో ఆ రూపం కూడా దాగి ఉంటుంది కాబట్టి ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచినా మొదట బాగానే కనిపిస్తుంది. దాని మీద కర్సర్ పెట్టి దిద్దబోగానే ఫాంటు లేదని హెచ్చరిక వస్తుంది, సరేనంటే వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. అను ఫాంటులో కొట్టినదైతే వరుస మొత్తం రోమన్ గుర్తులైపోతుంది. అందుకని ప్రతి టెక్స్ట్ పొరకూ ఒక నకలు చేసి, నకలును Convert to Shape తో ఆకారంగా మారుస్తాను. ఆకారానికి ఫాంటు అక్కర్లేదు, ఎంత పెంచినా అంచు చెడదు. కళ్లు తెరిచి ఉండేది ఆకారానికి. అసలు టెక్స్ట్ పొర కన్ను మూసి, తాళం వేసి, `text_edit_here` అనే గ్రూపులో ఉంటుంది. ఎప్పుడైనా మాట మార్చాల్సి వస్తే ఆ గ్రూపు ఉంది. డబ్బు పెట్టి కొన్న ఫాంటును క్లయింటుకు పంచిపెట్టే హక్కు మనకు ఉండదు. రామభద్ర, మండలి, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి, వాటితో కొడితే ఫాంటు ఫైలునూ అదే ఫోల్డర్లో పెట్టి ఇవ్వొచ్చు. కొత్త పనులన్నీ వాటితోనే చేయడం నాకు ఇష్టం.

కమిటీ కుర్రాడి దగ్గర ఫొటోషాప్ ఉండదు. బ్రౌజర్లో పనిచేసే ఫొటోపీ ఉచితంగానే పీఎస్‌డీ తెరుస్తుంది, కన్ను నొక్కి 18ని, 19ని మార్చుకోవడానికి, జేపెగ్ తీసుకోవడానికి అది చాలు. గింప్‌లోనూ తెరవచ్చు, లేయర్లు, మాస్కులు అక్కడా ఇలాగే పనిచేస్తాయి. కానీ గింప్‌లో టెక్స్ట్ పొర మీద బ్రష్ పెట్టి గీస్తే అది మామూలు బొమ్మ పొరగా మారిపోతుంది, ఆ పొరను మళ్లీ టెక్స్ట్‌గా దిద్దబోతే గీసిన గీతలన్నీ పోతాయని హెచ్చరిస్తుంది. అందుకే అక్కడ కూడా అక్షరం మీద కాక పక్క పొర మీదే గీయాలి.

ఆ పీఎస్‌డీ 2024లో మళ్లీ వచ్చిందనుకుందాం. అది క్రోధి నామ సంవత్సరం, చవితి సెప్టెంబరు 7 శనివారం. పూల అతుకును, పట్టీ మీది గ్రేడియంట్‌ను ముట్టుకోనవసరం లేదు, శుభకృత్, ఆగస్టు 31 ఎప్పుడో వాటి కింద దాక్కున్నాయి. `text_edit_here` గ్రూపు తెరిచి రెండు వరుసలు కొట్టి, కొత్త ఆకారాలు చేసి, నాలుగో కాంప్ పెట్టడమే. "క్రోధి" "శోభకృత్" కన్నా పొట్టి మాట కనుక వరుస కురచ అవుతుంది, మధ్యకు సర్దాలి. "శనివారం" చివరి అక్షరం బంతిపువ్వు దాకా వస్తుందో లేదో చూసి, రాకపోతే తేదీని కొద్దిగా కుడికి జరపాలి. గొలుసు ముందే తీసి ఉంది కాబట్టి పువ్వు కదలదు.